ఫోటోలో ఉన్నది ఈ పాపేనా?

పోయిన వేసవిలో ప్రొద్దుటూరులో మా అక్క కూతురికి పెళ్లిచూపులు జరిగాయి. కర్నూలు నుంచి అబ్బాయి తరఫువాళ్లు ఆరుగురు కారు మాట్లాడుకుని వచ్చారు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటి ఆ ఎండలో అంత దూరం రావడమంటే మాటలు కాదు. మా అక్క పొద్దున నాలుగింటికే లేచి ఓళిగలు చేసింది. మా బావ పక్కింటివాళ్ల దగ్గర కూలర్ అడిగి తెచ్చాడు. పాప బెంగళూరులో ఉద్యోగానికి రెండు రోజులు సెలవు పెట్టి, రాత్రి బస్సులో వచ్చింది.

పాప మంచినీళ్ల ట్రేతో హాల్లోకి వచ్చింది. అబ్బాయి తల్లి ఒకసారి పాప మొహం చూసింది. ఒళ్లో ఉన్న ఫోన్ తీసి దాన్నొకసారి చూసింది. మళ్లీ పాపను చూసి మా అక్కతో, "ఫోటోలో ఉండేది ఈ పాపేనామ్మా? చెల్లెలేమైనా ఉందా?" అని అడిగింది.

ఆవిడ గొంతులో వెటకారం లేదు, నిజంగానే అనుమానమొచ్చి అడిగింది. మా పాపకు చెల్లెలు లేదు. ట్రే పట్టుకున్న చేతులు వణకడం నాకొక్కదానికే కనపడింది.

వాళ్లు మర్యాదగా ఓళిగలు తిని, "ఇంటికి పోయి ఫోన్ చేస్తాం" అని లేచారు. ఆ ఫోన్ రాదని మనందరికీ తెలుసు కదా.

ఆ ఫోటోను నేను అంతకుముందే చూశాను. "బాగుంది అక్కా" అని కూడా అన్నాను. కాబట్టి ఈ రాసేదాంట్లో తప్పు నాకూ ఉంది. ఆ రాత్రి ఫోటోను పెద్దది చేసి, పాపను పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. స్టూడియోలో చేసినవి నాలుగు పనులు. మొహం రంగు బాగా తెల్లబరిచారు. ఎడమ చెంప మీది పుట్టుమచ్చ తీసేశారు. ముందుపళ్ల మధ్య సందు మూసేశారు. నడుము రెండువైపులా లోపలికి నొక్కారు. నడుము నొక్కినచోట వెనకున్న తలుపు నిలువుగీత కూడా లోపలికి వంగిపోయింది. ఇన్నిరోజులూ ఆ వంకర గీత మా ఇంట్లో ఒక్కరి కంటికీ ఆనలేదు!

పుట్టుమచ్చ సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మన పదో తరగతి సర్టిఫికెట్ మీద గుర్తింపు చిహ్నాలని పుట్టుమచ్చలు రాసేవాళ్లు, గుర్తుందా? మా పాప సర్టిఫికెట్‌లో మొదటి గుర్తు ఆ ఎడమ చెంప మచ్చే. ఈ పిల్ల ఈ పిల్లేనని తెలుసుకోవడానికి రాసిపెట్టుకున్న గుర్తును మనం డబ్బులిచ్చి చెరిపించాం. చెరిపించినాక "ఈ పాపేనా?" అని అడిగినావిడదా తప్పు?

మా అక్కనడిగితే ఒకటే మాట. "ఏమే, వంద అబద్ధాలాడైనా ఒక పెండ్లి చెయ్యమన్యారు గదా! అందరూ చేసేదే మేమూ చేసినాం."

ఆ సామెత మీదే నా పోట్లాట. ఆ వంద అబద్ధాలూ ఆడేది పెద్దవాళ్లు. చెల్లించేది మాత్రం ఒక్కతే, ట్రే పట్టుకుని నిలబడినామె. పైగా సామెత పుట్టిన రోజుల్లో ఆ అబద్ధాలు నోటిమాటలు. "పిల్ల బంగారు బొమ్మ" అంటే వినేవాళ్లు సగం కొట్టేసి వినేవాళ్లు. ఫోటోను ఎవరూ సగం కొట్టేసి చూడరు. కంటితో చూశామనే అనుకుంటారు. ఆ నమ్మకం మీద కారు మాట్లాడుకుంటారు, సెలవు పెడతారు, మనింటికి వస్తారు.

అట్లాగని ఫోటోను అసలు ముట్టుకోకూడదనే వాళ్లతోనూ నేను ఏకీభవించను. "ఫోన్లో తీసినట్టే పంపాలి, అదే నిజం" అంటారు కొందరు. ఫోన్లో తీసింది నిజమని ఎవరు చెప్పారు? చెయ్యి చాపి అడుగున్నర దూరంలో సెల్ఫీ తీసుకుంటే ముక్కు దగ్గరగా, చెవులు దూరంగా పడతాయి. అందుకే ముక్కు లావుగా, మొహం ఇరుగ్గా వస్తుంది. అదే మనిషిని ఐదారడుగుల దూరం నుంచి, కొద్దిగా జూమ్ చేసి తీస్తే మనం ఎదురుగా కూర్చుని చూసే మొహమే వస్తుంది. పసుపు బల్బు కింద తీస్తే మనిషి కామెర్లు వచ్చినట్టుంటుంది. మన సీమ ఎండలో మిట్టమధ్యాహ్నం తీస్తే కళ్లకింద, ముక్కుకింద నల్లటి నీడలు పడి పదేళ్లు ఎక్కువ కనపడతాయి. ఇవన్నీ కెమెరా తప్పులు, వెలుతురు తప్పులు. వాటిని దిద్దడం మోసం కాదు. దిద్దకపోతేనే పిల్లకు అన్యాయం.

మరి గీత ఎక్కడ గీయాలి? చాలా ఆలోచించి నేను ఒక ప్రశ్న దగ్గర ఆగాను. మనం దిద్దేది పిల్లతోపాటు అత్తగారింటికి పోయేదా, ఇక్కడే ఉండిపోయేదా? మొటిమ పదిరోజుల్లో పోతుంది. ముందురోజు నిద్రలేక వచ్చిన కళ్లవాపు, గాలికి మొహమ్మీద పడ్డ వెంట్రుక, గోడ మీద బల్లి, దండెం మీద ఆరేసిన తువ్వాలు, ఇవేవీ పిల్లతో పోవు. తీసేయండి. పుట్టుమచ్చ, కాలిన మచ్చ, పళ్లసందు, ఒంటి రంగు, ఒళ్లు, ఎత్తు, ఇవి పిల్లతో పోతాయి. వాటి మీద చెయ్యి వేయొద్దు.

అన్నిటికన్నా తగాదా వచ్చేది రంగు దగ్గరే. స్టూడియో అబ్బాయినడిగితే, "తెల్లగా చెయ్యలేదు మేడమ్, లైటింగ్ సరిచేసినా" అన్నాడు. సరిచేశాడో రంగు పూశాడో మనమే తేల్చుకునే దారి ఒకటుంది. ఫోటోలో తెల్లగా ఉండాల్సిన వస్తువు వెతకండి. సున్నం గోడ కావచ్చు, జడలో మల్లెపూలు కావచ్చు. వెలుతురు సరిచేస్తే అది ఫోటో అంతటికీ ఒకేలా వర్తిస్తుంది. పచ్చగా ఉన్న మల్లెపూలు తెల్లబడతాయి, చీర రంగు అసలు చీర రంగుకు వస్తుంది, వాటితోపాటే మొహమూ మారుతుంది. అది సరిచేయడం. మల్లెపూలు పచ్చగానే ఉండి, చీర మసకగానే ఉండి, మొహం ఒక్కటే తెల్లబడితే అది పూత. ఆ అబ్బాయి పంపిన ఫోటోలో పూలు లేత పసుపులో ఉన్నాయి, మొహం పాలరంగులో ఉంది. గాజులేసుకున్న చేతులు మాత్రం మా పాప చేతులే, చామనచాయలో. చేతుల్ని మరిచిపోయాడు పాపం!

ఫోన్లో కూడా ఇదే జరుగుతుంది, మనకు తెలియకుండా. చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ మనం పెట్టకుండానే ఆన్‌లో ఉంటుంది. చర్మాన్ని నున్నగా చేస్తుంది. కొన్ని ఫోన్లు గడ్డం సన్నం చేసి కళ్లు పెద్దవి కూడా చేస్తాయి. "మేమేం ఎడిట్ చెయ్యలేదు" అని ఒట్టు పెట్టే తల్లులు చాలామంది అబద్ధమాడటం లేదు, ఫోనే ఆడుతోంది. కెమెరా తెరిచి ఆ గీతను సున్నాకు జరిపి తీయండి. నుదుటి మీద చర్మం ఆనవాలు, కనుబొమ వెంట్రుకలు విడివిడిగా కనపడితే సరిగ్గా ఉన్నట్టు.

పళ్ల విషయంలో మాత్రం నా లెక్క కొంచెం మెత్తబడుతుంది. మన సీమలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పల్లెల పిల్లలకు పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులోనే పడే మరక అది. ఎంత తోమినా పోదు. ఆ పిల్లలు నవ్వడానికే సిగ్గుపడి, ఫోటోలో మూతి బిగించుకుంటారు. మూతి బిగించుకోవడం వాళ్ల హక్కు. పళ్ల డాక్టర్ దగ్గరకు పోయి సరిచేయించుకుంటే అది నిజం, చూపుల్లోనూ అదే నవ్వు కనపడుతుంది. కంప్యూటర్‌లో పళ్లు తెల్లబరిస్తే అది అబద్ధం, చూపుల్లో నోరు తెరవగానే బయటపడుతుంది. మేకప్‌కూ ఇదే లెక్క. చూపుల రోజు అంతే మేకప్ వేసుకుని కూర్చోగలిగితే ఫోటోలోనూ వేసుకోవచ్చు.

ఇక్కడ ఒకామె నన్ను గట్టిగానే అడిగింది. "బొల్లి మచ్చ ఉన్న పిల్లను ఏం చెయ్యమంటావ్? మచ్చను ఫోటోలో పెట్టి ఊరంతా తిప్పమంటావా?" అని. న్యాయమైన ప్రశ్నే. ఫోటో మన చేతి నుంచి మధ్యవర్తికి, ఆయన నుంచి పదిమందికి పోతుంది. ఎవరి ఫోన్లో ఉంటుందో తెలియదు. కాబట్టి మచ్చ కనపడని వైపు నుంచి ఫోటో తీయించుకోవడం తప్పని నేననను. చూపకపోవడం వేరు, చెరిపేయడం వేరు. కానీ చూపకుండా ఉంచినదాన్ని అవతలివాళ్లు బయలుదేరకముందే నోటితో చెప్పాలి. మధ్యవర్తి చెప్తాడులే అని వదిలేయకూడదు, తల్లి తల్లికి ఫోన్ చేసి చెప్పాలి. వాళ్లు రాకపోతే ఒక ఫోన్‌తో పోతుంది. వచ్చి చూసి వెళ్లిపోతే పిల్ల మనసులో ఏళ్లపాటు ఉంటుంది.

మగపిల్లల తల్లులు ఇంతవరకు చదివి తల ఊపుతున్నారేమో, ఆగండి. మీ ప్రొఫైళ్లు నేను చూస్తూనే ఉన్నాను. ముందు జుట్టు పలచబడ్డ అబ్బాయికి ఎడిటింగ్‌లో జుట్టు పరుస్తున్నారు. ఇంకొందరు ఎడిట్ జోలికే పోకుండా బీటెక్ ఫేర్‌వెల్ నాటి ఫోటో పెడుతున్నారు. ముప్పై మూడేళ్ల మనిషికి ఇరవై రెండేళ్ల మొహం! పాత ఫోటోలో ఒక్క చుక్క కూడా మార్చలేదు, అయినా పూర్తిగా అబద్ధం. ఆర్నెల్లు దాటిన ఫోటో ఎవరిదైనా సరే, తీసేసి కొత్తది పెట్టాలి. కళ్లద్దాలు లేకుండా ఒకటి పెట్టుకుంటే పక్కనే కళ్లద్దాలతో ఇంకొకటి పెట్టాలి.

మా అక్క వాదనలో కాదనలేని మాట ఒకటి ఉంది. "నల్లపిల్ల ఫోటో పెడితే ఫోనే రాదే. చూస్తే గదా పిల్ల గుణం తెలిసేది?" అంది. నిజమే. అడిగేవాళ్లే ముందు "పిల్ల ఎర్రగుంటుందా?" అని అడుగుతారు. 2020లో షాదీ డాట్ కామ్‌లో ఒంటి రంగును బట్టి సంబంధాలు వెతుక్కునే వీలు మీద అమెరికాలోని మనవాళ్లు అభ్యంతరం చెప్పి సంతకాలు సేకరిస్తే, ఆ కంపెనీ దాన్ని తీసేసింది. అదే ఏడాది ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమ్ గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారింది, గడి పోయింది. మధ్యవర్తి ఫోన్ ఎత్తగానే అడిగే మొదటి ప్రశ్న మారలేదు. రంగు అడిగే వాళ్లదే మొదటి తప్పు, అది నేను ఒప్పుకుంటాను.

కానీ ఆ తప్పుకు మనమిచ్చే జవాబేమిటి? రంగు పూసిన ఫోటో పంపడమంటే వాళ్ల ప్రశ్న సరైనదేనని ఒప్పుకోవడమే. "అవును, ఎరుపే గొప్ప, మా పిల్లలో లోపముంది, అందుకే దాచాం" అని మనమే రాసిచ్చినట్టు. ఆ ఫోటోకు వచ్చే ఫోన్లన్నీ రంగు కోసం వచ్చేవే. రంగు పట్టించుకోని ఇల్లు ఒకటుంటే, దాన్ని వెతికిపెట్టే పని ఆ ఫోటో ఎట్లా చేస్తుంది? రంగు అక్కర్లేనివాళ్లను మా పాప గుమ్మందాకా తెచ్చేది పాప అసలు ఫోటోనే. అది అక్కర్లేని ఫోన్లను ఆపుతుంది. ఫోన్లు తగ్గడం దాని లోపం కాదు, దాని పనే అది.

కోర్టు మాట కూడా ఒక్కటి. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, అవతలి మనిషికి సంబంధించిన ముఖ్యమైన విషయంలో మోసం చేసి ఒప్పించిన పెళ్లిని రద్దు చేయమని అడగవచ్చు. మోసం తెలిసిన ఏడాదిలోపు అడగాలి. మొటిమ తీసిన ఫోటోతో ఎవరూ కోర్టుకు పోరు. రంగు పూసిన ఫోటోతో కేసు నిలుస్తుందనీ నేననడం లేదు. ఎందుకంటే మన పెళ్లిళ్లలో ఫోటో తర్వాత చూపులుంటాయి, చూసే కదా ఒప్పుకున్నారంటారు. అయితే ఇప్పుడు అమెరికా అబ్బాయిల సంబంధాల్లో ఫోటో చూసి, వీడియో కాల్‌లో అదే బ్యూటీ ఫిల్టర్‌తో మాట్లాడి, నిశ్చితార్థం దాకా పోతున్నారు. మధ్యలో ఆపే చూపులే లేనప్పుడు ఫోటో మీద బరువు ఇంకా పెరుగుతుంది.

చూపులైన మర్నాడు నేను పాపను అడిగాను, బాధగా ఉందా అని. "వాళ్లు వద్దన్నందుకు గాదు చిన్నమ్మా. వాళ్లు ఆ ఫోటోలో ఉండే అమ్మాయిని ఇష్టపడి వచ్చినారు. ఆ అమ్మాయి లేదు. నన్నింకా ఎవరూ చూడనే లేదు" అంది.

ఆ మాటతో మా అక్క నోరు కూడా మూతపడింది.

తర్వాత ఫోటో మేమే తీశాం. సాయంత్రం ఐదున్నరకు, వీధి వాకిలి నీడలో, పాప ఆరడుగుల దూరంలో నిలబడింది. బ్యూటీ మోడ్ సున్నా. పాపకు నచ్చిన నీలం చేనేత చీర, చూపులకు కట్టుకోగలిగిన చీరే. నలభై తీస్తే మూడు మిగిల్చాం, మొహం ఒకటి, నిలువెత్తు ఒకటి, బంధువుల పెళ్లిలో పదిమందితో ఉన్నది ఒకటి. ఆ మూడోది చాలా ముఖ్యం. గుంపులో రంగు, ఎత్తు, ఒళ్లు పక్కవాళ్లతో పోల్చి చూసుకోవచ్చు, ఒక్కరిని మార్చితే ఇట్టే తెలిసిపోతుంది. దిద్దినవి రెండే. గడ్డం మీది మొటిమ తీశాం, ఫోటో మొత్తం వెలుతురు కొంచెం పెంచాం. పుట్టుమచ్చ దాని చోటనే ఉంది. పాత ఫోటో పంపిన ప్రతి మధ్యవర్తికీ మా అక్కే ఫోన్ చేసి, "అది తీసెయ్యండి, ఇది పెట్టండి" అని చెప్పింది. ఆ ఫోన్లు చెయ్యడానికి దానికెంత కష్టమైందో నాకు తెలుసు.

మీ ఇంటికి వచ్చే ఫోటోలనూ ఇట్లాగే చూడండి. మొహానికీ మెడకూ చేతులకూ రంగు కలుస్తోందా? బుట్టకమ్మల అంచులు చెంప దగ్గర కరిగిపోయాయా? నడుము పక్కన తలుపు గీత వంగిందా? అనుమానముంటే తగాదా వద్దు. "ఏదైనా పెళ్లిలో తీసిన గుంపు ఫోటో ఉంటే పంపండమ్మా" అని అడగండి. ఇచ్చేవాళ్లు సంతోషంగా ఇస్తారు.

డిగ్రీలో మాళవికాగ్నిమిత్రం కథ చెప్పించుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రాజు మొదట మాళవికను చిత్తరువులోనే చూస్తాడు. ఇంత అందం నిజంగా ఉంటుందా, చిత్రకారుడు ఎక్కువ చేసి గీశాడేమో అని అనుమానపడతాడు. తర్వాత ఆమె నాట్యానికి ఎదురుగా వచ్చినప్పుడు, చిత్రకారుడే సరిగ్గా గీయలేకపోయాడని అనుకుంటాడు. మన పిల్లల ఫోటోలు కూడా అట్లా ఉండాలి. పిల్ల గదిలోకి వచ్చినప్పుడు చూసేవాళ్లకు ఫోటోనే తక్కువనిపించాలి, పిల్ల కాదు.

కొత్త ఫోటోకు ఫోన్లు తగ్గాయి. పాత ఫోటోకు నెలకు పది వచ్చేవి, ఇప్పుడు మూడో నాలుగో వస్తున్నాయి. రెండు సంబంధాలవాళ్లు వచ్చి చూశారు. ఒకటి కట్నం దగ్గర మేమే వద్దన్నాం, ఇంకోదానికి జాతకాలు కలవలేదన్నారు. పెళ్లి ఇంకా కుదరలేదు. కుదిరినట్టు రాసి మీకు అబద్ధం చెప్పలేను, అందులోనూ ఈ విషయం మీద. కానీ ఆ రెండుసార్లూ పాప ట్రేతో హాల్లోకి వచ్చినప్పుడు ఎవరూ ఒళ్లోని ఫోన్ తీసి చూడలేదు. పాప చేతులు వణకలేదు.